అడిగిన టైమా, పేటకో పూటా: విజయనగరంలో ఇంటింటి డెలివరీకి ఏ పద్ధతి గిట్టుబాటు

షాపు నుంచి ఇంటికి సరుకు పంపడం మొదలుపెట్టాలనుకునేవాళ్లు నన్ను మొదట అడిగేది ఒకటే: "పార్సిల్‌కి ఎంత పడుతుందండీ?" దానికి ఒక్క అంకెతో జవాబు చెప్పలేను. అదే ఊరు, అదే బండి, అదే కుర్రాడు, అవే నలభై ఇళ్లు. కస్టమర్‌కి ఏ టైము మాటిచ్చారన్న దాన్నిబట్టి ఒక్కో పార్సిల్‌కి 15 రూపాయలు పడొచ్చు, 20 దాటొచ్చు, 45 కూడా కావచ్చు.

గంటస్తంభం దగ్గర మాకో చిన్న గది ఉంది. రెండు బళ్లు, ఇద్దరు కుర్రాళ్లు. ఒక చీరల షాపుకి, ఒక స్వీట్ల షాపుకి, రెండు కిరాణా కొట్లకి ఊళ్లో పార్సిళ్లు అందిస్తాం. మొదట్లో కస్టమర్ ఏ టైము అడిగితే ఆ టైముకి పంపేవాళ్లం. మంచి సర్వీస్ అంటే అదేననుకున్నాను. నెలాఖరుకి లెక్క చూసుకుంటే పెట్రోల్, జీతాలు పోను చేతిలో ఏమీ మిగిలేది కాదు. ఎక్కడ పోతోందో తెలుసుకోవడానికి చాలా కాలం పట్టింది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి అంత కాలం పట్టకూడదని ఈ పోలిక రాస్తున్నాను.

నాలుగు పద్ధతులున్నాయి. ఆర్డర్ రాగానే పంపడం ఒకటి. "ఈరోజు ఎప్పుడైనా వస్తుంది" అని చెప్పి అన్నీ ఒకే రౌండ్‌లో ఇవ్వడం రెండోది. రోజుని నాలుగు స్లాట్లుగా చేసి కస్టమర్‌నే ఎంచుకోమనడం మూడోది. ఊరిని రెండు ముక్కలు చేసి, ఈ పేటలకి పొద్దున, ఆ పేటలకి సాయంత్రం అని మనమే ఖాయం చేయడం నాలుగోది. దీన్ని మేం "పేటకో పూట" అంటాం.

ముందు ఖర్చు ఎక్కడ పుడుతుందో

అందరి దృష్టీ పెట్రోల్ మీద ఉంటుంది. కానీ ఊళ్లో డెలివరీకి పెట్రోల్ కంటే నిమిషాలే ఖరీదు. లెక్క సులువుగా ఉండడానికి గుండ్రటి అంకెలు తీసుకుంటాను, మీరు మీ అంకెలు పెట్టుకోండి. కుర్రాడికి ఎనిమిది గంటలకి 600 రూపాయలు అనుకుంటే నిమిషానికి రూపాయి పావలా. బండికి పెట్రోల్, టైర్లు, సర్వీసింగ్ అన్నీ కలిపి కిలోమీటరుకి 4 రూపాయలు. మన సందుల్లో, మార్కెట్ రోడ్ల మీద బండి సగటున గంటకి 15 కిలోమీటర్లు పోతే గొప్ప. అంటే ఒక కిలోమీటరుకి నాలుగు నిమిషాలు, అంటే 5 రూపాయల కూలి. దానిపైన 4 రూపాయల బండి ఖర్చు.

ఇక గుమ్మం దగ్గర. బండి ఆపి, స్టాండ్ వేసి, పార్సిల్ తీసి, కాలింగ్ బెల్ కొట్టి, ఫోన్‌పే స్కాన్ చేయించుకుని, మళ్లీ బండెక్కడానికి నాలుగు నిమిషాలు పడుతుంది. అంటే మరో 5 రూపాయలు. ఈ నాలుగు నిమిషాలు ఏ పద్ధతిలోనూ పెద్దగా తగ్గవు. ఇంటికీ ఇంటికీ మధ్య దూరం, గుమ్మం దాకా వెళ్లి తిరిగొచ్చే పార్సిళ్ల సంఖ్య మాత్రం పద్ధతిని బట్టి మారతాయి. వీటిలో ఒకటి తగ్గించబోతే తరచుగా రెండోది పెరుగుతుంది. అందుకే ఎంపిక కష్టం.

తిరిగొచ్చిన పార్సిల్ ధర

"ఇంటికాడ ఎవులూ లేరు బాబూ, రేపు తెండి." ఫోన్‌లో ఈ ఒక్క మాటకి ఎంత ఖర్చవుతుందో చూద్దాం. అక్కడిదాకా వెళ్లిన దూరం, ఆగిన టైము ఎలాగూ అయిపోయాయి. మా లెక్కలో అది ఇంటికి సుమారు 11 రూపాయలు. ఇచ్చే పార్సిల్ కంటే ఇవ్వలేని పార్సిల్ దగ్గర ఎక్కువసేపు నిలబడాలి. బెల్ కొట్టి, రెండుసార్లు ఫోన్ చేసి, పక్కింటివాళ్లని అడిగేసరికి ఇంకో ఐదు నిమిషాలు. తర్వాత గదికి తెచ్చి, పుస్తకంలో రాసి, షాపుకి చెప్పి, రేపటి సంచిలో సర్దడానికి మరో ఐదు. ఈ పది నిమిషాలు పన్నెండున్నర రూపాయలు. మొత్తం 24 దాకా. పైగా దీనికి ఎవరూ డబ్బివ్వరు. రేపు మళ్లీ అదే ఇంటికి వెళ్లాలి.

అంటే అందిన పార్సిల్ కంటే అందనిదానికి రెట్టింపు ఖర్చు. అందుకే నేనెప్పుడూ మొత్తం ఖర్చుని సంచిలో వేసుకెళ్లిన పార్సిళ్లతో భాగించను, అందిన పార్సిళ్లతోనే భాగిస్తాను. ఈ ఒక్క అలవాటు లేక చాలామంది తమ ఖర్చు తక్కువే అనుకుంటారు.

గుంపుగా పంపడంలో లాభం ఎంత

ఒకే ఆర్డర్‌తో బండి పంపితే, మన గది ఊరి నడిమధ్య ఉన్నా, సగటున రెండు కిలోమీటర్లు వెళ్లి రెండు తిరిగి రావాలి. ప్రయాణం పదహారు నిమిషాలు, గుమ్మం నాలుగు, ప్యాకింగ్ మూడు. కూలి 29, బండి 16, మొత్తం 45 రూపాయలు. అదే వీధిలో ఇంకొక ఆర్డర్ కలిస్తే ఒక్కోదానికి 28 అవుతుంది. మూడైతే 23. ఆరైతే 17, 18 దగ్గరకి వస్తుంది. మొదటి రెండు మూడు కలపడంలోనే పెద్ద లాభం ఉంది. ఆ తర్వాత లాభం చిన్నదైపోతుంది, కస్టమర్ ఎదురుచూపు మాత్రం పెరుగుతూ పోతుంది.

దీనికి గణితంలో ఒక మంచి సూత్రం ఉంది. 1959లో బియర్డ్‌వుడ్, హాల్టన్, హామర్స్‌లీ అనే ముగ్గురు దీన్ని నిరూపించారు. కొంత విస్తీర్ణంలో చెల్లాచెదురుగా ఉన్న ఇళ్లన్నీ చుట్టిరావడానికి పట్టే అతి తక్కువ దూరం, ఇళ్ల సంఖ్యని విస్తీర్ణంతో గుణించి దాని వర్గమూలం తీస్తే వచ్చేదానిలో సుమారు 0.71 వంతు ఉంటుంది. ఇది గాలిలో గీసిన గీతల దూరం. రోడ్ల మలుపుల కోసం నేను దాన్ని 1.3తో గుణిస్తాను. ఇళ్లు ఎక్కువున్నప్పుడే ఇది బాగా పనిచేస్తుంది. పది ఇళ్లకి లోపు అంచనా తప్పుతుంది, అసలు దూరం ఇంకాస్త ఎక్కువే వస్తుంది.

మాకు డెలివరీ ఉన్న ఊరు దాదాపు నాలుగు కిలోమీటర్ల పొడవు, నాలుగు కిలోమీటర్ల వెడల్పు అనుకుందాం, అంటే 16 చదరపు కిలోమీటర్లు. రోజుకి 40 ఇళ్లు. నలభైని పదహారుతో గుణిస్తే 640, దాని వర్గమూలం 25 పైచిలుకు. 0.71తో, మళ్లీ 1.3తో గుణిస్తే 23 కిలోమీటర్ల పైన కొంచెం. మా బండి మీటర్ చూపించేది కూడా ఈ దగ్గర్లోనే ఉంటుంది.

ఇప్పుడు అవే నలభై ఇళ్లని నాలుగు స్లాట్లకి పంచండి. ఒక్కో స్లాట్‌కి పది ఇళ్లు వస్తాయి. కానీ ఎవరికి నచ్చిన స్లాట్ వాళ్లు ఎంచుకున్నారు కాబట్టి ఆ పది ఇళ్లూ ఊరంతా చెదిరి ఉంటాయి. కుర్రాడు ప్రతి స్లాట్‌లోనూ ఊరంతా తిరగాలి. ఒక్కో స్లాట్‌కి దాదాపు 12 కిలోమీటర్లు, నాలుగూ కలిపి 47. సరిగ్గా రెట్టింపు. ఒక్క ఇల్లు కూడా ఎక్కువ కాలేదు. పొద్దున కోట వెనక వీధిలో ఒక ఇంటికి ఇచ్చి, మధ్యాహ్నం ఆ పక్కింటికే మళ్లీ వెళ్తున్నాడు, అంతే తేడా.

అదే ఊరిని రెండు సగాలు చేసి, ఒక సగం పొద్దున, ఇంకో సగం సాయంత్రం తిరిగితే? ఒక్కో పూట 20 ఇళ్లు, 8 చదరపు కిలోమీటర్లు. లెక్క వేస్తే పూటకి 12 కిలోమీటర్ల లోపే. రెండు పూటలూ కలిపి మళ్లీ 23. అంటే టైముని ముక్కలు చేస్తే దూరం పెరిగింది. టైముతో పాటు ఊరిని కూడా ముక్కలు చేస్తే పెరగలేదు. ఈ వ్యాసంలో ఒక్క మాటే గుర్తుంచుకోవాలనుకుంటే ఇదే గుర్తుంచుకోండి.

ఒకే రోజు, మూడు పద్ధతుల్లో

అవే 40 పార్సిళ్లు. ముందు "ఎప్పుడైనా వస్తుంది" పద్ధతి చూద్దాం. ప్రయాణం 94 నిమిషాలు, గుమ్మాల దగ్గర 160, ప్యాకింగ్‌కి 30. మొత్తం 284 నిమిషాలకి కూలి 355 రూపాయలు. బండికి 94. కలిపితే సుమారు 450. కుర్రాడి మిగతా టైము షాపు పనికి వాడుకుంటాం. చూడ్డానికి చాలా చౌక. కానీ పదకొండు గంటలకో, రెండు గంటలకో తలుపు తడితే మన ఊళ్లో పరిస్థితి వేరు. విజయనగరం నుంచి విశాఖపట్నం ఉద్యోగానికి రోజూ వెళ్లొచ్చేవాళ్లు ఎందరో. పైడిభీమవరం ఫ్యాక్టరీల బస్సెక్కేవాళ్లు ఇంకొందరు. భార్యాభర్తలిద్దరూ టీచర్లయితే పొద్దున వేసిన తాళం సాయంత్రం దాకా తీయరు. 40లో 8 తిరిగొచ్చాయనుకోండి. వాటి అదనపు ఖర్చు 100. మొత్తం 550, అందినవి 32. ఒక్కోదానికి 17 రూపాయల 20 పైసలు. ఆ ఎనిమిదీ రేపటి సంచిలో ముందే కూర్చుంటాయి.

ఇప్పుడు కస్టమర్ ఎంచుకున్న నాలుగు స్లాట్లు. ఇంట్లో ఉండే టైము వాళ్లే చెప్పారు కాబట్టి తలుపు తాళం సమస్య పోయింది. తిరిగొచ్చేవి రెండే: ఒకటి అడ్రస్ దొరకనిది, ఒకటి వద్దన్నది. అందినవి 38, చాలా బాగుంది. కానీ దూరం 47 కిలోమీటర్లు, బండికి 188 రూపాయలు. ఒక్కో రెండు గంటల స్లాట్‌లో పనికి గంటా నలభై రెండు నిమిషాలు పడుతుంది. మిగిలిన పద్దెనిమిది నిమిషాలు దేనికీ పనికిరావు, తర్వాతి స్లాట్ కోసం బండి మీద కూర్చోవడమే. కాబట్టి ఎనిమిది గంటల జీతం మొత్తం, 600, దీనికే రాసుకోవాలి. 788 రూపాయలని 38తో భాగిస్తే 20 రూపాయల 70 పైసలు. వెనక్కి వచ్చేవి ఎనిమిది నుంచి రెండుకి తగ్గాయి, అయినా ఖర్చు పెరిగింది. నేను ఏళ్ల తరబడి చేసిన పొరపాటు ఇదే. తిరిగొచ్చే పార్సిళ్లు తగ్గాయని సంతోషించాను, రోడ్డు మీద పోయేది చూడలేదు.

పేటకో పూట. దూరం "ఎప్పుడైనా వస్తుంది" పద్ధతిలో ఉన్నంతే, 23 కిలోమీటర్లు. టైమూ అంతే. అందుకే ఖర్చు 450. రోజులో రెండుసార్లు రమ్మంటున్నాం, మధ్యలో ఖాళీ, కాబట్టి కుర్రాడికి 50 రూపాయలు ఎక్కువివ్వాలి. అది ఇవ్వకపోతే రెండు నెలల్లో మానేస్తాడు. కస్టమర్‌కి పూట ముందే తెలుసు, కానీ అందరికీ ఆ పూట కుదరదు. తాళం వల్ల తిరిగొచ్చేవి ఆరు నుంచి రెండుకి తగ్గాయనుకుందాం. మిగతా రెండూ అలాగే. నాలుగింటికి అదనపు ఖర్చు 50. మొత్తం 550. "ఎప్పుడైనా వస్తుంది" పద్ధతిలోనూ 550 అయింది, కానీ ఇక్కడ అందినవి 36. ఒక్కోదానికి 15 రూపాయల 30 పైసలు.

తేడా రెండు రూపాయలే కదా అనిపిస్తుంది. రోజుకి 36 పార్సిళ్లు, నెలకి 26 రోజులు వేసుకుంటే "ఎప్పుడైనా వస్తుంది" పద్ధతి కంటే 1,800 రూపాయలు, స్లాట్ల పద్ధతి కంటే 5,000 దాకా మిగులుతాయి. షాపువాళ్లు పార్సిల్‌కి 18 రూపాయలిస్తే, ఒక పద్ధతిలో బతుకుతాం, ఇంకో పద్ధతిలో జేబులోంచి పెట్టుకుంటాం.

ఏ పేటకి ఏ పూట

ఊరిని ఎలా కోయాలన్నది ఇక్కడ అసలు పని. పిన్ కోడ్ పట్టుకుని కోయకండి. ఒక్కో పిన్ కోడ్ కింద ఊరు, చుట్టుపక్కల పల్లెలు కలిసి ఉంటాయి, పోస్టాఫీసు సౌకర్యం కోసం చేసిన విభజన అది. మ్యాప్ మీద దగ్గరగా కనిపించేవి కూడా నమ్మకండి. రైలు పట్టాలకి ఈ పక్క, ఆ పక్క ఉన్న రెండు ఇళ్లు మ్యాప్‌లో ఆనుకునే ఉంటాయి, బండి మీద చుట్టు తిరిగి వెళ్లాలి. పట్టాలు, చెరువు, పెద్ద మార్కెట్ వీధి, వీటిని దాటకుండా ఉండేలా గీత గీయాలి.

పూట నిర్ణయించేటప్పుడు రెండు విషయాలు చూస్తాను. ఆ పేటలో రోడ్డు ఎప్పుడు ఖాళీగా ఉంటుంది, మనుషులు ఎప్పుడు ఇంట్లో ఉంటారు. గంటస్తంభం నుంచి మూడు లాంతర్ల వైపు, కోట చుట్టూ ఉన్న పాత వీధుల్లో షాపులు తెరిచాక బండి నడవదు. అక్కడివాళ్లలో చాలామంది వ్యాపారస్తులు, షాపుకి వెళ్లేముందు ఇంట్లోనే ఉంటారు. అందుకే పాత ఊరికి పొద్దున ఏడు నుంచి తొమ్మిదిన్నర. కంటోన్మెంట్ వైపు, కొత్త కాలనీలు, అపార్ట్‌మెంట్లలో ఉద్యోగస్తులు ఎక్కువ. పొద్దున వాళ్లకి పిల్లల స్కూలు బస్సు, క్యారేజీల హడావిడి. ఆ టైములో బెల్ కొడితే తలుపు తీయడానికే విసుక్కుంటారు. వాళ్లకి సాయంత్రం ఆరు నుంచి ఎనిమిదిన్నర. మేం మొదట్లో దీన్ని తలకిందులుగా పెట్టి, సాయంత్రం మార్కెట్ రద్దీలో పాత ఊరు తిరిగాం. అవే ఇళ్లకి గంట ఎక్కువ పట్టేది.

రెండున్నర గంటలంటే ఎక్కువ కదా, గంట స్లాట్ ఇవ్వండి అని కస్టమర్లు అడుగుతారు. ఇక్కడ ఒక పద్ధతి మాకు బాగా కలిసొచ్చింది. మాటిచ్చేది వెడల్పుగా ఇవ్వాలి, కబురు మాత్రం ఇరుకుగా పంపాలి. బుక్ చేసుకునేటప్పుడు "సాయంత్రం ఆరు, ఎనిమిదిన్నర మధ్య" అంటాం. సంచి సర్ది, వరస ఖాయమయ్యాక ఒక్కొక్కరికీ వాట్సాప్ పెడతాం: "అమ్మా, మీ పార్సిల్ ఏడుంబావు, ఏడుమ్ముప్పావు మధ్య వస్తుంది." వరస ముందే ఉంది కాబట్టి ఈ అరగంట మాటకి మనకి ఖర్చేమీ లేదు. అదే అరగంటని ముందు రోజే మాటిచ్చి ఉంటే, దాని కోసం రూట్‌నే వంచాల్సి వచ్చేది.

ఫోన్ ఎవరికి చేయాలి

బయల్దేరే ముందు అందరికీ ఫోన్ చేస్తే తిరిగొచ్చేవి ఉండవు కదా అంటారు. ఒక ఫోన్‌కి, ఎత్తనివాళ్లకి మళ్లీ చేయడంతో కలిపి, సగటున రెండు నిమిషాలు. రెండున్నర రూపాయలు. ఒక వృథా ప్రయాణం తప్పితే మిగిలేది 24 దగ్గర. అంటే పది ఫోన్లలో ఒక్కటైనా వృథాని ఆపితేనే ఆ ఫోన్లకి పెట్టిన ఖర్చు వస్తుంది. ఎప్పుడూ ఇంట్లో ఉండే మామ్మగారికి ప్రతిసారీ ఫోన్ చేయడం దండగ. కొత్త కస్టమర్లు, క్యాష్ ఆన్ డెలివరీలు, గతంలో ఒకసారి తిరిగొచ్చినవాళ్లు, షిఫ్టు డ్యూటీ ఉన్న ఇళ్లు, వీళ్లకి మాత్రమే చేస్తాం. షిఫ్టువాళ్లకి పూట వారం వారం మారుతుంది. వాళ్ల పేరు పక్కన షిఫ్టు రాసుకోవాలి.

అడ్రస్ సమస్య వేరు, దానికి పూట మార్చినా లాభం లేదు. మన పాత వీధుల్లో డోర్ నంబర్లు వరసగా ఉండవు. పాత నంబరు, కొత్త నంబరు రెండూ గోడమీద కనిపిస్తాయి. "అమ్మవారి గుడి పక్క సందు" అని రాస్తారు, ఆ పేరున్న గుళ్లు మూడుంటాయి. మా ఉపాయం, మొదటిసారి ఇచ్చినప్పుడు కుర్రాడు గుమ్మం ముందు నిలబడి లొకేషన్ సేవ్ చేస్తాడు, గేటు రంగు, ఎన్నో అంతస్తు అని ఒక ముక్క రాస్తాడు. 2025లో తపాలా శాఖ డిజిపిన్ అనే పది అక్షరాల కోడ్ తెచ్చింది. దేశంలో ప్రతి నాలుగు మీటర్ల చదరానికి ఒక కోడ్ ఉంటుంది. పుస్తకంలో పేరు పక్కన అది రాసుకుంటే ఫోన్ మారినా, కుర్రాడు మారినా ఇల్లు తప్పిపోదు. అంతస్తు మాత్రం అందులో తెలియదు, అది చేత్తో రాసుకోవాల్సిందే.

తిరిగొచ్చిన ప్రతి పార్సిల్‌కీ కారణం రాయించండి. ఇంట్లో లేరు, ఫోన్ ఎత్తలేదు, అడ్రస్ దొరకలేదు, డబ్బు లేదు, వద్దన్నారు. ఐదు కారణాలు చాలు. మొదటి రెండింటికే పూటల మార్పు పనిచేస్తుంది. "వద్దన్నారు" ఎక్కువ వస్తుంటే లోపం డెలివరీలో లేదు, షాపు అమ్మకంలో ఉంది. దానికోసం రూట్లు మార్చుకోకండి.

ఇంకో విషయం కూడా చూడాలి. "తాళం వేసి ఉంది" అన్న ఎంట్రీలు ఏ టైములో పడ్డాయో గమనించండి. రోజంతా అక్కడక్కడా పడితే నిజమే అయ్యుంటాయి. చివరి అరగంటలో ఐదారు వరసగా, రెండేసి నిమిషాల తేడాతో పడితే కుర్రాడు ఆ ఇళ్లకి వెళ్లలేదు. అతన్ని తిట్టే ముందు సంచి బరువు చూడండి. మాకు ఇలా జరిగినప్పుడల్లా ఆ పూట 25కి మించి ఇళ్లు ఇచ్చి ఉన్నాం. రెండున్నర గంటల్లో అన్ని తలుపులు ఎవరూ తట్టలేరు.

ఎవరికి ఏది

వేడి టిఫిన్, అత్యవసరం మందులు అమ్మేవాళ్లకి ఆర్డర్ రాగానే పంపడం తప్ప దారి లేదు. 45 రూపాయల ఖర్చుని దాచకుండా డెలివరీ ఛార్జీలో చూపించండి. కనీసం పది నిమిషాలు ఆగి, అదే వైపు రెండో ఆర్డర్ వస్తే కలపండి.

రోజుకి పది ఆర్డర్లు కూడా రాని షాపు పూటల జోలికి వెళ్లొద్దు. ఊరంతటికీ సాయంత్రం ఒక్క రౌండ్ చాలు. ఆ టైముకి ఎక్కువమంది ఇంట్లో ఉంటారు. ఊరి బయటున్న నెల్లిమర్ల, గజపతినగరం లాంటి ఊళ్లకి ఇదే సూత్రాన్ని రోజులకి వర్తింపజేయండి, సోమవారం ఒక వైపు, గురువారం ఇంకో వైపు. రోజూ ఒకటీ అరా పట్టుకుని వెళ్తే దారి ఖర్చే మింగేస్తుంది.

పండగ బట్టలు, ఫర్నిచర్ లాంటి ఖరీదైన సరుకైతే కస్టమర్ అడిగిన స్లాట్ ఇవ్వొచ్చు. 20 రూపాయల ఖర్చు అక్కడ లెక్కలోకి రాదు, ఇంట్లో పెద్దవాళ్లు ఉండి చూసి తీసుకోవడం ముఖ్యం.

అపార్ట్‌మెంట్లు, కాలేజీ హాస్టళ్లు ఉన్న చోట ఇంటింటికీ వెళ్లకుండా దగ్గర కిరాణా కొట్లో పది పార్సిళ్లు ఒకేసారి దింపడం మరో దారి. కొట్టువాళ్లకి పార్సిల్‌కి 5 రూపాయలిచ్చినా, మన ఖర్చుతో కలిపి 8 దాటదు. తిరిగొచ్చేది కూడా దాదాపు ఉండదు. కానీ ముందే డబ్బు కట్టిన పార్సిళ్లకే ఇది పనికొస్తుంది. క్యాష్ తీసుకునే బాధ్యత కొట్టువాళ్ల మీద పెడితే నెల తిరక్కుండా లెక్క తేడాలొస్తాయి. వయసైనవాళ్లకి, బరువైన బియ్యం బస్తాలకి కూడా ఇది కుదరదు.

30 నుంచి 80 పార్సిళ్ల మధ్య ఉన్న కిరాణా, చీరల షాపు, స్వీట్ల షాపుకి నా సలహా పేటకో పూటే. 50 దాటాక రెండో కుర్రాణ్ని పెట్టి ఊరిని నాలుగు ముక్కలు చేయండి. ఒక్కో కుర్రాడికి ఎప్పుడూ అవే పేటలు ఇవ్వాలి. నెల రోజుల్లో ఏ ఇంట్లో కుక్క ఉంది, ఎవరి గేటు వెనక నుంచి తెరుస్తారు అన్నది వాళ్లకి తెలిసిపోతుంది. గుమ్మం దగ్గర నాలుగు నిమిషాలు మూడవుతాయి.

మార్చేటప్పుడు పాత కస్టమర్లు కొంత గొడవ చేస్తారు. మా దగ్గర కంటోన్మెంట్ వైపు ఒక అక్క రెండు వారాలు పట్టుబట్టింది: "నాకు పొద్దునే కావాలి తమ్ముడూ, ముందు ఇచ్చేవాడివి కదా." కాదనలేదు. పూట కాని పూట కావాలంటే 40 రూపాయలు అవుతుంది, సాయంత్రమైతే ఉచితం అని చెప్పాం. మూడుసార్లు కట్టింది. తర్వాత తనే కింద అంతస్తులో అత్తయ్యగారికి చెప్పి, సాయంత్రం పార్సిల్ ఆవిడ చేతికిమ్మంది. ఛార్జీ 45కి దగ్గరగా ఉండాలి. 10 రూపాయలు పెడితే అందరూ కట్టేస్తారు, మళ్లీ ఊరంతా రెండుసార్లు తిరగడం మొదలవుతుంది.

దసరా తర్వాత వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. సోమవారం తొలేళ్ల నుంచే కోట, మూడు లాంతర్ల వైపు బండి కదలదు. ఆ రెండు రోజులూ పాత ఊరి పార్సిళ్లు తీసుకోం, శనివారమే కబురు పెట్టి ఆదివారం పొద్దున అన్నీ ఇచ్చేస్తాం. మంగళవారం కొత్త కాలనీల సాయంత్రం రౌండ్‌ని మధ్యాహ్నానికి జరుపుతాం, ఎందుకంటే ఆ రోజు సెలవు, మధ్యాహ్నం దాకా జనం ఇళ్లలోనే ఉంటారు, మూడు గంటలయ్యేసరికి సిరిమాను చూడ్డానికి బయల్దేరిపోతారు.